పేపర్లో 38,500, మెసేజ్‌లో 1,090: గొట్టా నుంచి వదిలిన నీళ్లు అసలెన్ని?

సరుబుజ్జిలి_ఆడపడుచు | ఉదయం 8:40

నేనుండేది విజయనగరంలో. అమ్మానాన్నలు సరుబుజ్జిలి వైపు, వంశధార గట్టుకి దగ్గర్లోని ఊళ్లో ఉంటారు. రాత్రి నుంచీ ఒకటే వాన. పొద్దున్న పేపర్లో గొట్టా బ్యారేజీ నుంచి 38,500 క్యూసెక్కులు కిందికి వదిలారని వేశారు. అదే టైముకి మా తమ్ముడు ఒక ఇంగ్లిష్ బులెటిన్ ఫొటో పంపాడు. అందులో గొట్టా పక్కన `1090 cumec` అని ఉంది. ఇంకో అరగంటకి మా పెదనాన్న ఫ్యామిలీ గ్రూపులో "38,500 క్యూమెక్కులు వదిలారు, గట్టు మీద ఎవరూ ఉండొద్దు" అని పెట్టారు. అది చూసి అమ్మకి చెమటలు పట్టాయి, బీరువాలో కాగితాలు సంచీలో సర్దేసింది.

మూడు మెసేజ్‌లు, మూడు రకాలుగా ఉన్నాయి. ఏది నమ్మాలి? క్యూసెక్కుని ఘనపు మీటర్లలోకి మార్చడం ఎలాగో ఎవరైనా చెప్పండి, నేనే లెక్క కట్టుకుంటాను.

కుర్ర_సివిల్ | 8:52

అక్కా, చాలా ఈజీ. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, క్యూమెక్కు అంటే సెకనుకి ఒక ఘనపు మీటరు. మీటరుకి 3.28 అడుగులు. కాబట్టి 3.28తో భాగిస్తే చాలు. 38,500 / 3.28 = 11,738. అంటే సెకనుకి 11,738 ఘనపు మీటర్లు. ఆ బులెటిన్‌లో 1090 అని తప్పు పడినట్టుంది, ఒక అంకె ఎగిరిపోయి ఉంటుంది.

నాగావళి_ఒడ్డు | 8:55

ఇదండీ మన పరిస్థితి. ఒకరు అడుగుల్లో, ఒకరు మీటర్లలో, ఇంకొకరు టీఎంసీల్లో. ఏటి పక్కన ఉన్నవాడికి ఏం అర్థమవుతుంది? ప్రతి ఏడూ ఇదే గోల. పేపరోళ్లు రెండూ పక్కపక్కన వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

గుర్ల_రైతు | 9:01

మాకు బోరులో రెండించీల నీళ్లు పడ్డాయని బోరు బండి ఆయన చెప్పాడు. అది ఎన్ని క్యూసెక్కులో కూడా ఇక్కడే చెబుతారా? ఆ లెక్క మీదే మోటారు కొనాలి.

లెక్కల_టీచర్_చీపురుపల్లి | 9:10

కుర్ర సివిల్ బాబూ, సగం దారి బాగానే వచ్చావు. మీటరుకి 3.28 అడుగులన్నది నిజమే. కానీ అది పొడవుకి. మనం కొలుస్తున్నది పొడవు కాదు, నీటి పరిమాణం.

అమ్మాయ్, మీ ఇంట్లో అడుగు బై అడుగు టైల్స్ ఉంటే ఒకసారి కిందికి చూడు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న గడిని చాక్‌పీసుతో గీస్తే, ఒక వరసలో మూడు టైల్స్, పావు కంటే కాస్త ఎక్కువ ముక్క పడతాయి. అలాంటి వరసలు కూడా మూడూ, పైన ముక్క. మొత్తం పది టైల్స్ దాటి, దాదాపు పదకొండు దాకా పోతాయి. ఇది నేల మాత్రమే. ఇప్పుడు ఆ గడి మీద మీటరు ఎత్తు తొట్టె కట్టావనుకో. అడుగు ఎత్తున ఒక పొర నింపితే దాదాపు పదకొండు ఘనపుటడుగులు. అలాంటి పొరలు మళ్లీ మూడూ, పైన ముక్క. అన్నీ కలిపితే 35.3. అంటే ఒక ఘనపు మీటరు తొట్టెలో అడుగు పెట్టెలు ముప్పై అయిదు, పైన చిన్న ముక్క పడతాయి.

కాబట్టి 3.28తో ఒకసారి కాదు, మూడుసార్లు భాగించాలి. లేదా నేరుగా 35.3తో ఒకేసారి. 38,500ని 35.3తో భాగిస్తే 1,090 పైచిలుకు వస్తుంది. బులెటిన్‌లో అంకె ఎగిరిపోలేదు. పేపరూ బులెటినూ చెబుతున్నది ఒకే నీటి గురించి.

మా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఏటా ఇక్కడే జారతారు. చదరపు అడుగులు దాకా సరిగ్గా చేసి, ఘనపు అడుగుల దగ్గర మళ్లీ పొడవు లెక్కలోకి వెళ్లిపోతారు.

కుర్ర_సివిల్ | 9:16

అయ్యో టీచర్ గారూ, పరీక్షలో కూడా ఇలాగే చేసుంటానేమో అని ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. సారీ అక్కా. షీట్‌లో సరిచూశాను:

```
=CONVERT(38500,"ft^3","m^3")
```

1090.1986 వచ్చింది. ఫంక్షన్ గుర్తులేకపోతే `=38500*0.0283168466` అని కొట్టినా అంతే వస్తుంది.

సరుబుజ్జిలి_ఆడపడుచు | 9:20

అమ్మయ్య. అంటే పేపరూ, తమ్ముడి ఫొటో రెండూ సరే. మరి పెదనాన్నది? ఆయన 38,500 క్యూమెక్కులు అన్నారు. ఆయన మాట తీసిపారేస్తే ఇంట్లో గొడవ. ఎలా చెప్పాలి?

రిటైర్డ్_ఏఈ | 9:41

నమస్తే. ముప్పై ఏళ్లకు పైగా కాలువలూ గేట్ల మధ్య తిరిగినవాణ్ణి, అందుకే రాస్తున్నాను.

మీ పెదనాన్నగారి అంకెను వెనక్కి తిప్పి చూడండి. 38,500 క్యూమెక్కులని 35.3తో గుణిస్తే 13 లక్షల 59 వేల క్యూసెక్కుల చిల్లర వస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వచ్చింది 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. ఆ బ్యారేజీకే అది రికార్డు వరద. వంశధార దానికి ముందు చిన్న నది. దానిలో ఒకే రోజు ఆ రికార్డుని మించిన నీళ్లు వచ్చాయంటే, ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేయడానికి మీ పెదనాన్నగారు గట్టు దగ్గర ఉండేవారే కాదు. ఆయనకి అలా చెప్పండి, నవ్వుతారు.

అసలు విషయం ఏమిటంటే అంకె పేపరుది, యూనిట్ బులెటిన్‌ది. రెండూ ఎక్కడో కలిసిపోయాయి. క్యూసెక్కు, క్యూమెక్కు అని పలకడంలోనే ఒక అక్షరం తేడా. ఫోన్‌లో చెప్పేటప్పుడు "సె" అన్నాడో "మె" అన్నాడో వరద హోరులో ఎవరికి తెలుస్తుంది! మేం వైర్‌లెస్‌లో చెప్పేటప్పుడు "సెకను ఘనపుటడుగు" అని విడదీసి చెప్పేవాళ్లం, ఇందుకే.

నోటి లెక్కకి ఒక పద్ధతి ఉంది. వేల క్యూసెక్కులని తీసుకుని 28తో గుణించండి. 38.5 ఇంటూ 28 అంటే 1,078. దానికి నూటికి ఒకటి కలిపితే 1,089. చాలు. వెయ్యి క్యూసెక్కులంటే 28 క్యూమెక్కులు, లక్షంటే 2,830 దాకా అని గుర్తుంచుకుంటే పేపరు చదివేటప్పుడు కాగితమూ పెన్నూ అక్కర్లేదు.

లెక్కల_టీచర్_చీపురుపల్లి | 9:50

ఏఈ గారి మాటకి చిన్న కలుపు. రెండు చోట్ల వచ్చిన అంకెలు కుదరకపోతే, పెద్దదాన్ని చిన్నదానితో భాగించి చూడండి. 35 చుట్టుపక్కల వస్తే రెండూ నిజమే, యూనిట్ తేడా అంతే. 10.8 దగ్గర వస్తే ఎవరో 3.28తో ఒక్కసారే భాగించి వదిలేశారని అర్థం. ఇందాక మన కుర్రాడి 11,738ని 1,090తో భాగిస్తే అదే వస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఆ నిష్పత్తే చెప్పేస్తుంది. నాకు భలే ఇష్టమైన విషయం ఇది.

డెస్క్_మనిషి | 10:05

ఒక పత్రిక డెస్క్‌లో పనిచేస్తాను, పేరొద్దు. నాగావళి ఒడ్డు గారి తిట్లు మాకూ తగులుతాయి కాబట్టి మా వైపు కథ చెబుతాను.

మన జలవనరుల శాఖ వాళ్లు ఇచ్చేది క్యూసెక్కుల్లో, అడుగుల్లో. కేంద్ర జలసంఘం ఇచ్చేది క్యూమెక్కుల్లో, మీటర్లలో. రాత్రి పన్నెండుకి పేజీ వదిలే హడావిడిలో ఇంగ్లిష్ కాపీ వస్తే, అనువదించేవాడి చెయ్యి అలవాటుగా "క్యూసెక్కులు" అని కొట్టేస్తుంది. ఒకసారి నేనే అలా 900 చిల్లర క్యూమెక్కులని 900 చిల్లర క్యూసెక్కులని వేశాను. పొద్దున్నే విలేకరి ఫోన్ చేసి, "బాబూ, ఇది చిన్న కాలువ నీళ్లురా, బ్యారేజీ గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి ఇక్కడ" అన్నాడు. అప్పుడు తల పట్టుకున్నాను.

మీ పెదనాన్నగారి తప్పు కంటే నా తప్పే ప్రమాదం అనిపిస్తుంది. ఆయనది ఎక్కువ చేసి భయపెట్టింది. నాది ముప్పై అయిదు వంతుల్లో ఒక వంతు చేసి "ఏమీ లేదులే" అనిపించింది.

నాగావళి_ఒడ్డు | 10:11

ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు. కానీ రెండూ పక్కపక్కన ఎందుకు వేయరో మాత్రం చెప్పలేదు.

డెస్క్_మనిషి | 10:14

హెడ్డింగ్‌లో చోటు ఉండదండీ. అదీ ఒక కారణమే. ఇంకోటి, మన పాఠకులకి "లక్ష క్యూసెక్కులు" అంటే ఎంత వరదో ఒక అంచనా ఉంది. 2,830 క్యూమెక్కులంటే "ఓస్, ఇంతేనా" అనేస్తారు.

సరుబుజ్జిలి_ఆడపడుచు | 10:20

ఏఈ సార్, ఒక సందేహం. కుర్రాడికి 1090.1986 వచ్చింది, బులెటిన్‌లో ఉత్త 1090 ఉంది. ఆ చివరి చుక్కలన్నీ ఏమయ్యాయి? నీళ్లు తగ్గించి చూపిస్తున్నారని ఇప్పుడే గ్రూపులో ఇంకొకాయన మొదలెట్టారు.

రిటైర్డ్_ఏఈ | 10:47

తగ్గించడం ఏమీ లేదమ్మా. అసలు ఆ 38,500 ఎలా వచ్చిందో తెలిస్తే ఆ చుక్కలకి అర్థం లేదని మీకే తెలుస్తుంది.

గేటు కింద పోయే నీటిని ఎవరూ బిందెతో కొలవరు. గేటు ఎన్ని అడుగులు ఎత్తారు, బ్యారేజీకి పైవైపు నీటి మట్టం ఎంత, దిగువ వైపు ఎంత, ఈ మూడూ చూస్తారు. వాటిని పట్టికలో పెట్టి, ఒక్కో గేటు నుంచి ఎంత పోతోందో తీసి, అన్నీ కూడతారు. వరద పెరిగి దిగువ మట్టం కూడా పైకొచ్చేస్తే, గేటు అంతే ఎత్తి ఉన్నా నీళ్లు తక్కువ పోతాయి. కిందున్న నీరు పైనుంచి వచ్చే నీటిని అడ్డుకుంటుంది కదా. గేటు పూర్తిగా నీటిపైకి లేచిపోతే ఇంకో లెక్క. రాత్రి వానలో టార్చిలైటు వేసుకుని స్కేలు మీద అంకె చదివే మనిషికి అలల మధ్య రెండంగుళాలు అటూ ఇటూ అవుతుంది. అందుకే ఆ 38,500 అన్నది నూటికి అయిదో, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువో తేడా ఉండగల అంకె. అందులో అయిదు శాతం అంటేనే 1,900 క్యూసెక్కులు దాటుతుంది. దాని మీద 0.1986 అని రాస్తే నవ్వుతారు.

1,090 అన్నా, 1,100 అన్నా ఏటికి తేడా లేదు.

కుర్ర_సివిల్ | 10:53

సార్, అయితే 35.3147 అని అంత పొడవుగా ఎందుకు గుర్తుపెట్టుకోవడం? 35 చాలదా?

రిటైర్డ్_ఏఈ | 10:58

ఏటి నీళ్లకి 35 చాలు. నూటికి ఒకటి కూడా తేడా రాదు. కానీ రోజుల తరబడి నీళ్లు కూడి రిజర్వాయర్ లెక్క చూసేటప్పుడు, రెండు రాష్ట్రాల మధ్య వాటాల లెక్క వేసేటప్పుడు 35 వాడితే ఎవరో ఒకరు లేచి నిలబడతారు. అక్కడ పూర్తి అంకె వాడతాం.

హిరమండలం_బస్టాండు | 11:06

నీళ్లెన్నో కాదండీ, ఊళ్లోకి వస్తాయా రావా అది చెప్పండి. 1,090 మీటర్ల నీళ్లు అంటే కొండంత కదా!

లెక్కల_టీచర్_చీపురుపల్లి | 11:10

1,090 మీటర్ల ఎత్తు కాదు బాబూ. సెకనుకి 1,090 ఘనపు మీటర్లు. ఎత్తు కాదు, ఒక్కో సెకనుకి వచ్చే నీటి పరిమాణం. మీటరు తొట్టెలు వెయ్యీ తొంభై, ఒక సెకనులో బ్యారేజీ దాటి వెళ్తున్నాయనుకోండి.

రిటైర్డ్_ఏఈ | 11:18

ఊళ్లోకి వస్తాయా అన్నది క్యూసెక్కు నుంచి క్యూమెక్కుకి మార్చితే తెలిసే విషయం కాదు. అదే 38,500 క్యూసెక్కులకి ఒకచోట నీళ్లు గట్టు లోపలే పోతాయి, ఇంకోచోట ఏటి మధ్య ఇసుక మేటలు వేసి ఉంటే గట్టు ఎక్కుతాయి. కళింగపట్నం వైపు సముద్రం పోటు మీద ఉంటే చివరి ఊళ్లలో నీళ్లు తొందరగా దిగవు. అందుకే ఊరి కోసం చూడాల్సింది నీటి మట్టం, దానితోపాటు ఇచ్చే ప్రమాద హెచ్చరిక స్థాయి. సరుబుజ్జిలి అమ్మాయీ, మీ నాన్నగారిని వీఆర్వోకి ఫోన్ చేసి ఆ రెండూ కనుక్కోమనండి. సర్దిన కాగితాల సంచీ మాత్రం అలాగే ఉండనివ్వండి, దానివల్ల నష్టం లేదు.

సరుబుజ్జిలి_ఆడపడుచు | 11:45

నాన్న కనుక్కున్నారు. వీఆర్వో గారు మొదటి హెచ్చరిక కూడా రాలేదన్నారు. అమ్మ కాస్త కుదుటపడింది. పెదనాన్నకి కృష్ణ లెక్క చెప్పాను. "ఏటే, నాకే లెక్కలు చెబుతున్నావా" అని, రెండు నిమిషాలకి మెసేజ్ తీసేశారు.

ఇంకొకటి మిగిలిపోయింది. ఆ ఇంగ్లిష్ ఫొటోలోనే పై వరసలో, గొట్టాకి ఎగువన ఉన్న కాశీనగర్ దగ్గర ఉదయం ఆరింటికి `1240 cumec` అని ఉంది. గొట్టా అంకె ఎనిమిదింటిది. 1,240ని 35.3తో గుణిస్తే 43,800 దగ్గర వస్తోంది. పైన 43,800 వచ్చి కింద 38,500 పోతే, మిగతా అయిదు వేల పైచిలుకు ఎక్కడికి పోయాయి? ఈసారి యూనిట్ తప్పు కాదు, నిష్పత్తి 1.14 మాత్రమే వస్తోంది. టీచర్ గారు చెప్పినట్టు చూశాను.

కుర్ర_సివిల్ | 11:52

కాలువలకి వెళ్లాయి అక్కా. కుడి కాలువ, ఎడమ కాలువ రెండూ గొట్టా నుంచే కదా. పేపర్లో కిందికి వదిలిందే వేస్తారు, కాలువలకి ఇచ్చింది కలపరు.

రిటైర్డ్_ఏఈ | 12:20

కొంత కావొచ్చు, కానీ అంతా అదే అనను. పెద్ద వరదలో నీళ్లు ఎర్రగా బురదతో ఉంటాయి. ఆ సమయంలో కాలువలకి నీళ్లు బాగా తగ్గించేస్తాం, లేకపోతే పూడిక మేట వేస్తుంది. ఈరోజు కాలువ తూములు తెరిచే ఉన్నాయో లేదో నాకు తెలీదు.

కాశీనగర్‌లో ఆరింటికి కనబడ్డ నీళ్లు గొట్టాకి రావడానికి టైం పడుతుంది. ఎనిమిదికి గేట్ల దగ్గర ఉన్నది అంతకుముందు పైన దాటిన నీరు. ఏరు పెరుగుతూ ఉంటే పైన అంకె ఎప్పుడూ ముందే ఎక్కువ చూపిస్తుంది. దానికి తోడు ఒకచోట అంచనా పద్ధతి వేరు, ఇంకోచోట పట్టిక వేరు. రెండు వైపులా అయిదేసి శాతం తేడా ఉన్నా ఇందులో చాలా భాగం అక్కడే పోతుంది. గంట గంటకీ రాసిన రెండు చోట్ల రిజిస్టర్లూ పక్కపక్కన పెడితే తప్ప ఏ కారణం ఎంతో చెప్పలేం.

నాగావళి_ఒడ్డు | 12:31

కాశీనగర్ దాటాక గెడ్డలు కలవవా? కలిస్తే కింద ఎక్కువ ఉండాలి గానీ తక్కువ ఎందుకుంటుంది?

రిటైర్డ్_ఏఈ | 12:36

మంచి ప్రశ్న. కలుస్తాయి. అందుకే పై లెక్క నాకూ పూర్తిగా నచ్చలేదు. సాయంత్రం నాలుగింటి బులెటిన్ వస్తే ఇక్కడ పెట్టండి, మళ్లీ చూద్దాం.

డెస్క్_మనిషి | 12:44

ఇంకో మాట. టీవీ స్క్రోలింగ్‌లో "సెకనుకు 10.9 లక్షల లీటర్లు" అని కనబడితే కంగారు పడకండి. అవీ ఇవే నీళ్లు, ఘనపు మీటరుకి వెయ్యి లీటర్లు కాబట్టి. అలాంటి చోట్ల లీటర్లు అన్న మాట పోయి "10.9 లక్షల క్యూసెక్కులు" అని బయటికి వెళ్లిందంటే మాత్రం, మా ఫోన్లు రాత్రంతా మోగుతాయి.

గుర్ల_రైతు | 13:02

అందరికీ జవాబు దొరికింది. నా రెండించీల సంగతి ఎవరూ చూడలేదు.

లెక్కల_టీచర్_చీపురుపల్లి | 13:08

క్షమించండి బాబాయ్. రెండించీలు అన్న మాట ఒక్కటీ చూసి నీళ్లెన్నో చెప్పలేం. ఎంత వేగంతో వస్తున్నాయో తెలియాలి. మీ దగ్గర 200 లీటర్ల డ్రమ్ము ఉంటే మోటారు వేసి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. క్యూసెక్కు అంటే సెకనుకి 28.3 లీటర్లు. నలభై సెకన్లలో నిండితే సెకనుకి 5 లీటర్లు, అంటే క్యూసెక్కులో ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ.

గుర్ల_రైతు | 13:15

మోటారే కొనలేదమ్మా ఇంకా. పక్క పొలం వాళ్ల మోటారు పెట్టి చూస్తాను.

గుర్ల_రైతు | 16:50

పెట్టి చూశాను. మా మనవడు ఫోన్‌లో టైం నొక్కాడు. మొదటిసారి డ్రమ్ము అడుగున చిల్లుంది, లెక్కలోకి రాదు. వేరే డ్రమ్ము తెచ్చి మళ్లీ పెడితే 52 సెకన్లు. మీరు చెప్పినట్టు భాగిస్తే సెకనుకి నాలుగు లీటర్లకి కొంచెం తక్కువ. పది పదిహేను నిమిషాలకి ధార సన్నబడింది, అప్పుడు మళ్లీ కొలవాలా?

రిటైర్డ్_ఏఈ | 17:04

కొలవండి. మోటారు కొనాల్సింది ఆ రెండో అంకె మీదే.